కనీస అద్దె, కొరత, రాబట్టుకోవడం: రచయితకీ ప్రచురణకర్తకీ మధ్య అయిదేళ్ల రాయల్టీ లెక్క

నిరుడు ఏప్రిల్‌లో ఒక సాయంత్రం అయ్యవారు మా ఆఫీసుకి వచ్చారు. కడప ఏడు రోడ్ల సర్కిల్ నుంచి ఎండలో నడిచొచ్చారు, చేతిలో మేం పంపిన రాయల్టీ స్టేట్‌మెంటు ఉంది. కూర్చుని, నీళ్లు తాగి, "ఏమప్పా, నాకు పన్నెండు వేలు తక్కువ పడినట్టుంది, చూడు" అన్నారు. చూశాను. తప్పు నాదే. ఆ తప్పేంటో లెక్కలో ఆ చోటు వచ్చినప్పుడు చెప్తాను. అది అర్థం కావాలంటే ముందు నుంచీ రావాలి.

నేను ఒక చిన్న ప్రచురణ సంస్థకి ఖాతాలు రాస్తాను. అయ్యవారు రిటైరైన తెలుగు మాస్టారు. డీఎస్సీ రాసేవాళ్ల కోసం వ్యాకరణం పుస్తకం రాశారు. ఒప్పందం 2021 ఏప్రిల్ 1న మొదలైంది, గడువు అయిదేళ్లు. పుస్తకం వెల 200 రూపాయలు, అమ్ముడైన ప్రతి కాపీకి వెలలో 10 శాతం, అంటే 20 రూపాయలు రాయల్టీ. ఎన్ని అమ్ముడైనా, అమ్ముడవకపోయినా ఏడాదికి 60,000 తగ్గకుండా ఇవ్వాలి. లెక్క సులువుగా ఉండాలని ఇక్కడ అంకెల్ని కాస్త గుండ్రం చేశాను.

ముందు ఒప్పందంలో ఒక్క వాక్యం వెతకండి

ఆ 60,000నే కనీస అద్దె అంటారు. పుస్తకానికి అద్దె ఏంటని అయ్యవారు మొదటి రోజే నవ్వారు. ఈ మాట గనుల నుంచి వచ్చింది. మన ఎర్రగుంట్ల వైపు సున్నపురాయి గనుల్లో పనిచేసిన వాళ్లనడిగితే డెడ్ రెంట్ అంటే ఏంటో వెంటనే చెప్తారు: రాయి తీసినా తీయకపోయినా కట్టాల్సిన డబ్బు. బీకాం పుస్తకాల్లో గని యజమాని, లీజుదారు అని నేర్పే లెక్కే ఇది. ఇక్కడ యజమాని రచయిత, లీజుదారు ప్రచురణకర్త.

ఒక్క తేడా మాత్రం ఉంది. ప్రభుత్వ గని లీజులో 1957 నాటి గనుల చట్టం 9ఎ సెక్షన్ ప్రకారం రాయల్టీ, డెడ్ రెంట్ ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి. అంతటితో సరి. ఈ ఏడు ఎక్కువ కట్టానని వచ్చే ఏడు తగ్గించుకునే వీలుండదు. ప్రైవేటు ఒప్పందంలో ఆ వీలు పెట్టుకోవచ్చు. కనీస అద్దె కంటే రాయల్టీ ఎంత తగ్గిందో అది కొరత, పాఠ్యపుస్తకాల భాషలో షార్ట్ వర్కింగ్స్. బాగా అమ్ముడైన ఏడాది రచయితకి ఇవ్వాల్సిన దాంట్లోంచి ఆ కొరతను మినహాయించుకోవడమే రాబట్టుకోవడం.

ఆ హక్కు ఒప్పందంలో రాసి ఉంటేనే ఉంటుంది. రాయకపోతే 60,000 మొత్తం ఆ ఏడాది ఖర్చే, కొరత ఖాతా తెరవాల్సిన పనే లేదు. ఎన్నేళ్ల లోపల అన్నది కూడా ఆ వాక్యంలోనే చూడాలి. అది రెండు రకాలుగా ఉంటుంది. "ఒప్పందం మొదలైన మొదటి మూడేళ్లలో" అని ఉంటే స్థిరమైన హక్కు, ఆ మూడేళ్లు దాటితే తలుపు మూసుకున్నట్టే. "కొరత పడిన ఏడాది తర్వాతి రెండేళ్లలో" అని ఉంటే మారే హక్కు, ఏ ఏడాది కొరతకు ఆ ఏడాది నుంచి గడువు విడిగా నడుస్తుంది. మా ఒప్పందంలో ఉన్నది రెండో రకం. ఈ చిన్న తేడాకి ఎంత డబ్బు మారుతుందో చివర్లో చూద్దాం.

కాపీరైట్ హక్కులు రాసిచ్చే పత్రంలో కాలపరిమితి రాయకపోతే కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ దాన్ని అయిదేళ్లుగా లెక్కేస్తుంది. చాలామంది రచయితలు ఎప్పటికీ రాసిచ్చేశామేమో అని టెన్షన్ పడుతుంటారు. ముందు పత్రం తీసి ఈ గడువు సంగతి చూసుకుంటే మంచిది.

కాపీల లెక్క తేలితేనే రాయల్టీ తేలుతుంది

రాయల్టీ అమ్ముడైన కాపీలకే, అచ్చయిన వాటికి కాదు. షాపులకు పంపినవన్నీ అమ్ముడైనట్టూ కాదు. పుస్తకాల షాపులు సరుకును తిరిగిచ్చే షరతు మీద తీసుకుంటాయి. మార్చిలో పంపిన కట్ట జూన్‌లో తాడు కూడా విప్పకుండా వెనక్కి రావడం మాకు మామూలే. అందుకే నేను బిల్లులు కూడి లెక్క తేల్చను, స్టాకు వైపు నుంచి వస్తాను.

2021-22లో 3,000 కాపీలు అచ్చు వేశాం. మార్చి 31న గోడౌన్‌లో లెక్కపెడితే 820 ఉన్నాయి. రచయిత కాపీలు, సమీక్షకు ఇచ్చినవి, ఉచితంగా పంచినవి కలిపి 100. వానకు తడిసి పనికిరానివి 30. షాపుల దగ్గర ఇంకా అమ్ముడవకుండా ఉన్నాయని వాళ్లు రాసిచ్చినవి 250. ఇవన్నీ పోగా మిగిలినవి 1,800, అమ్ముడైనవి అవే. రాయల్టీ 36,000.

ఆ 250ని కూడా అమ్మకంలో కలిపేసి ఉంటే 2,050 కాపీలకు రాయల్టీ 41,000 అయ్యేది. అప్పుడు కొరత 24,000కి బదులు 19,000గా పుస్తకాల్లోకి ఎక్కేది. రచయితకి ఎలాగూ 60,000 వెళ్తుంది కాబట్టి ఆ ఏడాది ఎవరికీ తప్పు కనిపించదు. ఆ కాపీలు తర్వాతి ఏడాది వెనక్కొస్తే ఆ అయిదు వేలు రెండో ఏడాది కొరతగా తేలుతాయి, దానికి గడువు కూడా ఒక ఏడాది ఎక్కువ దొరుకుతుంది. అంటే కాపీని తప్పు ఏడాదిలో లెక్కేస్తే కొరత గడువు కూడా తప్పే. ఉచిత కాపీలకు రాయల్టీ లేదన్న సంగతి ఒప్పందంలో రాసుకోండి, లేకపోతే ప్రతి ఏప్రిల్‌లోనూ ఆ గొడవ ఒకటి ఉంటుంది.

రెండో ఏడాది నుంచి గోడౌన్, షాపుల ప్రారంభ నిల్వలకు కొత్తగా అచ్చయినవి కలిపి, ముగింపు నిల్వలు, ఉచిత కాపీలు, పాడైనవి తీసేయాలి. పద్ధతి అదే.

అంకెల పట్టిక ముందు, పద్దులు తర్వాత

చిట్టా పద్దులు రాయకముందే పట్టిక వేసుకోవాలి. నేను ఎక్సెల్‌లో వేస్తాను. B నిలువు వరుసలో కాపీలుంటే రాయల్టీకి, కొరతకు, మిగులుకు ఈ మూడు సూత్రాలు చాలు:

```
C2: =B2*20
D2: =MAX(0,60000-C2)
E2: =MAX(0,C2-60000)
```

అయిదేళ్లకు వచ్చిన అంకెలివి.

| ఏడాది | కాపీలు | రాయల్టీ | కొరత | మిగులు |
|---|---|---|---|---|
| 2021-22 | 1,800 | 36,000 | 24,000 | – |
| 2022-23 | 2,500 | 50,000 | 10,000 | – |
| 2023-24 | 3,600 | 72,000 | – | 12,000 |
| 2024-25 | 4,200 | 84,000 | – | 24,000 |
| 2025-26 | 2,900 | 58,000 | 2,000 | – |

2024 ఫిబ్రవరిలో డీఎస్సీ ప్రకటన వచ్చింది, తర్వాత అది రద్దయి మెగా డీఎస్సీ కోసం అందరూ ఎదురుచూశారు. మూడు, నాలుగు ఏళ్ల అమ్మకాలు అందుకే పెరిగాయి. 2025 జూన్, జులైలో పరీక్షలైపోయాక మళ్లీ తగ్గాయి.

రాబట్టుకోవడం, గడువు తీరడం అన్న రెండు వరుసల్ని సూత్రాలతో కాకుండా చేత్తో వేయమంటాను. ఎందుకంటే అక్కడ ఏ ఏడాది కొరత అన్నది ముఖ్యం, కూడిక కాదు.

కొరత పడిన ఏడాది పద్దులు

మొదటి ఏడాది రచయితకి రావాల్సింది 60,000. అందులో 36,000 నిజమైన రాయల్టీ, 24,000 ముందుగా ఇచ్చిన డబ్బు లాంటిది.

రాయల్టీ ఖాతా డె. 36,000
షార్ట్ వర్కింగ్స్ ఖాతా డె. 24,000
  రచయిత ఖాతాకు 60,000

టాలీలో ఇది F7 జర్నల్. షార్ట్ వర్కింగ్స్ లెడ్జర్‌ను `Loans & Advances (Asset)` గ్రూపు కింద తెరవండి. ఖర్చుల కింద తెరిస్తే లాభం ఆ ఏడాదే 24,000 తగ్గిపోతుంది, తర్వాత రాబట్టుకున్నప్పుడు ఎక్కడ నుంచి తీయాలో తెలియక తల పట్టుకుంటారు.

తర్వాత చెల్లింపు. రాయల్టీ మీద 10 శాతం టీడీఎస్ కోయాలి. ఏడాదికి 30,000 దాటితే కోయాలన్న హద్దును 2025 ఏప్రిల్ 1 నుంచి 50,000 చేశారు. 60,000 ఇచ్చేవాళ్లకి ఏ ఏడాదీ మినహాయింపు లేదు. టీడీఎస్‌ను 36,000 మీద కాదు, రచయిత ఖాతాకు జమ అయిన 60,000 మీద కోయాలి. కొత్తగా వచ్చిన గుమాస్తాలు ఇక్కడే పొరబడతారు.

రచయిత ఖాతా డె. 60,000
  బ్యాంకు ఖాతాకు 54,000
  చెల్లించాల్సిన టీడీఎస్ ఖాతాకు 6,000

ఏడాది చివర రాయల్టీ ఖాతాలోని 36,000ని లాభనష్టాల ఖాతాకు మళ్లిస్తాం. అమ్మకాల మీద లెక్కేసే రాయల్టీ కాబట్టి అది అమ్మకపు ఖర్చు. అచ్చయిన కాపీల మీద ఇచ్చే ఒప్పందమైతే అది ఉత్పత్తి ఖర్చులోకి వెళ్తుంది. షార్ట్ వర్కింగ్స్‌లోని 24,000 మాత్రం ఆస్తి అప్పుల పట్టీలో ఆస్తి వైపు ఉండిపోతుంది. రెండో ఏడాదీ ఇదే తీరు: రాయల్టీ 50,000, కొరత 10,000, కలిపి రచయితకి 60,000. షార్ట్ వర్కింగ్స్ నిల్వ ఇప్పుడు 34,000.

ఇక్కడ ఒక మాట. గడువు మిగిలి ఉన్నంత మాత్రాన ఆ 34,000 అంతా మంచి ఆస్తి అయిపోదు. పుస్తకం ఇక కదలదని తెలిసిపోతే, గడువు దాకా ఆగకుండా నష్టంలో రాసేయడమే నిజాయతీ. మాకు డీఎస్సీ మీద ఆశ ఉండబట్టి ఉంచాం.

మిగులు వచ్చిన ఏడాది: పాత కొరత ముందు

2023-24లో రాయల్టీ 72,000. కనీస అద్దె మీద మిగులు 12,000. మినహాయించుకునే వీలు ఆ మిగులు వరకే ఉంటుంది, ఎందుకంటే రచయితకి ఏ ఏడాదీ 60,000 కంటే తగ్గకూడదు. ఈ 12,000ని ఏ ఏడాది కొరతలోంచి తీయాలి? ఏది ముందుగా గడువు తీరుతుందో దాంట్లోంచి, అంటే 2021-22 నాటి 24,000లోంచి.

రాయల్టీ ఖాతా డె. 72,000
  రచయిత ఖాతాకు 60,000
  షార్ట్ వర్కింగ్స్ ఖాతాకు 12,000

టీడీఎస్ ఇప్పుడు 60,000 మీదే, 6,000. మినహాయించిన 12,000 మీద మొదటి ఏడాదే కోశాం కదా.

పని అంతటితో అయిపోలేదు. 2021-22 కొరతకు రెండేళ్ల గడువు 2024 మార్చి 31తో తీరింది. అందులో ఇంకా 12,000 మిగిలి ఉంది. ఇక అది రాదు. ఆ రోజే నష్టంలో రాయాలి:

లాభనష్టాల ఖాతా డె. 12,000
  షార్ట్ వర్కింగ్స్ ఖాతాకు 12,000

నేను చేసిన తప్పు ఇదిగో, ఈ పద్దు రాయకపోవడమే. అన్ని ఏళ్ల కొరతనూ ఒకే లెడ్జర్‌లో, ఏడాది పేరు లేకుండా ఉంచాను. 34,000లోంచి 12,000 పోతే నిల్వ 22,000 కనిపించింది. నాలుగో ఏడాది మిగులు 24,000 రాగానే ఆ 22,000నూ మొత్తం మినహాయించేసి, రచయితకి 62,000 అని స్టేట్‌మెంటు పంపాను. అయ్యవారు తన డైరీలో ఒప్పందం వాక్యం రాసుకుని పెట్టుకున్నారు. "ఇరవయ్యొకటి నాటి కొరత పోయినేడాది మార్చికే అయిపోయింది కదప్పా, మళ్లీ ఎట్ల పట్టుకున్నావు?" అన్నారు. సమాధానం లేదు నా దగ్గర.

సరైన లెక్కలో 2024-25లో రాబట్టుకోగలిగింది 2022-23 నాటి 10,000 మాత్రమే. రచయితకి రావాల్సింది 74,000.

రాయల్టీ ఖాతా డె. 84,000
  రచయిత ఖాతాకు 74,000
  షార్ట్ వర్కింగ్స్ ఖాతాకు 10,000

టీడీఎస్ 7,400, చేతికి 66,600. ఆయనకి అప్పటికే 62,000 లెక్కన చెల్లించాం కాబట్టి తేడా 12,000లో టీడీఎస్ 1,200 పోను 10,800కి రెండో చెక్కు రాశాం. ఎక్కువ మినహాయించిన 12,000ని షార్ట్ వర్కింగ్స్ ఖాతాకు డెబిట్ చేసి రచయిత ఖాతాకు జమ చేశాను. తర్వాత అదే 12,000ని షార్ట్ వర్కింగ్స్ నుంచి లాభనష్టాల ఖాతాకు మళ్లించి, ఇది గతేడాది అంశం అని విడిగా చూపించాను. 2023-24 పుస్తకాలు అప్పటికే మూసేశాం, ఆ ఏడాది లాభం 12,000 ఎక్కువ చూపించినట్టయింది. మా యజమానిని అన్న అంటాం, ఆయన ఏమీ అనలేదు గానీ ఆ వారమంతా నాతో ముక్తసరిగా మాట్లాడారు.

ఇప్పుడు ప్రతి ఏడాది కొరతకీ ఒక లెడ్జర్ ఉంది, పేరులోనే గడువు తేదీ ఉంది: "షార్ట్ వర్కింగ్స్ 2022-23, గడువు 31-3-2025". మార్చి వచ్చిందంటే ఆ పేరే నాకు గుర్తు చేస్తుంది.

పాత కొరత ముందు అన్న వరుసను తిరగేస్తే ఏమవుతుందో కూడా చెప్తాను, ఇది ప్రచురణకర్తకి తగిలే దెబ్బ. 2023-24లోని 12,000ని ముందు 2022-23 కొరత 10,000కి, మిగిలిన 2,000ని 2021-22 కొరతకు సర్దామనుకోండి. అప్పుడు 2021-22 కొరతలో 22,000 గడువు తీరిపోతుంది, నాలుగో ఏడాది రాబట్టుకోవడానికి ఏమీ మిగలదు. వరుస మారినందుకే 10,000 గాల్లో కలిసినట్టు.

లెక్క సరిపోయిందా అని ఎలా తెలుసుకోవాలి

ఏ మార్చి 31నైనా ఆపి ఇలా చూడండి. అప్పటిదాకా రచయితకి జమ చేసిన మొత్తం, అప్పటిదాకా అయిన రాయల్టీ, నష్టంలో రాసిన కొరత, ఇంకా నిల్వ ఉన్న కొరత, ఈ చివరి మూడిటి కూడికకు సమానం కావాలి. 2024 మార్చికి జమ చేసింది 1,80,000. రాయల్టీ 1,58,000, నష్టంలో రాసింది 12,000, నిల్వ 10,000. కూడితే 1,80,000.

అయితే ఈ పరీక్ష గడువు తప్పును పట్టదు. నా తప్పు లెక్కలో కూడా అంకెలు సరిపోయేవి: 12,000 నష్టంలో కాకుండా నిల్వలో ఉండేది, అంతే తేడా. అందుకే నిల్వలోని ప్రతి రూపాయి పక్కనా అది ఏ ఏడాదిదో రాసి ఉండాలి. రచయితకి పంపే స్టేట్‌మెంటులో కూడా కాపీలు, రాయల్టీ, ఈ ఏడు మినహాయించింది, అది ఏ ఏడాది కొరత, ఇంకా మిగిలింది ఎంత, దాని గడువు ఎప్పుడు అన్నవి ఉండాలి. అయ్యవారు అడిగాకే ఆ చివరి రెండు గడులు చేర్చాం.

రచయిత వైపు పుస్తకాలు రాసేవాళ్లయితే ఇది తిరగేసిన బొమ్మ. మొదటి ఏడాది ప్రచురణకర్త ఖాతా డెబిట్ 60,000, రాయల్టీ ఖాతాకు 36,000, రాయల్టీ సస్పెన్స్ ఖాతాకు 24,000. ఆ 24,000 ఆయన చేతిలోకి వచ్చినా ఇంకా ఆయనది కాదు, వచ్చే ఏళ్లలో తగ్గించుకునే హక్కు అవతలివాళ్లకి ఉంది. గడువు తీరినప్పుడు మిగిలిన 12,000 సస్పెన్స్ నుంచి లాభనష్టాల ఖాతాకు వెళ్లి ఆదాయమవుతుంది.

చివరి ఏడాది, ఆ ఒక్క వాక్యం విలువ

2025-26లో రాయల్టీ 58,000, కొరత 2,000. వాక్యం ప్రకారం దీన్ని మరో రెండేళ్లలో రాబట్టుకోవచ్చు. కానీ ఒప్పందమే 2026 మార్చి 31తో ముగిసింది, రాబట్టుకోవడానికి ఇక ఏళ్లు మిగల్లేదు. కాబట్టి ఆ 2,000 కూడా అదే రోజు నష్టంలోకి. అయిదేళ్లలో రాయల్టీ 3,00,000 అయితే, రచయితకి చేరింది 3,14,000.

అదే ఒప్పందంలో "మొదటి మూడేళ్లలో" అని ఉండి ఉంటే? మూడో ఏడాది 12,000 రాబట్టుకున్నాక మిగిలిన 22,000 అప్పుడే గడువు తీరేది. నాలుగో ఏడాది 84,000 పూర్తిగా ఇవ్వాల్సి వచ్చేది. చివరి ఏడాది 2,000కి కొరత ఖాతా కూడా తెరవకుండా నేరుగా ఖర్చు రాసేవాళ్లం. రచయితకి మొత్తం 3,24,000 అందేది. ఒక్క వాక్యానికి ఇద్దరి మధ్య 10,000 తేడా.

పునరుద్ధరణ పత్రం ఈ నెలలోనే రాసుకున్నారు. పాత 2,000 కొత్త ఒప్పందంలోకి రాదని అందులో ఒక లైను చేర్చమని నేనే చెప్పాను. గడువు వాక్యం దగ్గర మాత్రం అయ్యవారు పెన్ను ఆపి, "ఈసారి మొదటి మూడేళ్లు అని రాద్దామా?" అని మా అన్న వైపు చూశారు. అన్న నవ్వి, "సార్, దానికి బదులు కనీసం 65,000 చేస్తాను, ఆ వాక్యం అట్లే ఉండనీండి" అన్నారు. ఆయన ఒక నిమిషం వేళ్ల మీద లెక్కేసుకుని సంతకం పెట్టారు.